ఒక రోజు తప్పితే ఫర్వాలేదు, రెండో రోజు తప్పనివ్వొద్దు

మా బడిలో నాలుగో తరగతి పాప ఒకతి 23 రోజుల పాటు రోజూ సాయంత్రం పది నిమిషాలు తెలుగు పుస్తకం బిగ్గరగా చదివింది. నేనిచ్చిన కాగితం మీద 30 గళ్లుండేవి. చదివిన రోజు ఆ గడిలో వాళ్లమ్మ ఒక టిక్కు పెట్టాలి. ముప్పై రోజులు ఎడతెగకుండా చదివినవాళ్లకు కథల పుస్తకం బహుమతి అని చెప్పాను. 24వ రోజు పాప చిన్నాన్న కూతురి చెవులు కుట్టించడానికి డెంకణికోటకు వెళ్లి, రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చారు. ఆ గడి ఖాళీగా మిగిలింది.

తొమ్మిది రోజుల తర్వాత నేను అడిగితే పాప తల దించుకుని చెప్పింది: "పోయింది మిస్సూ. ఒక రోజు చదవలేదు. ఇంక దేనికని అమ్మ కాగితం తీసేసింది."

నిజానికి ఆ కాగితం పోయింది ఒక్క గడితో కాదు. ఆ తర్వాతి ఆరు గళ్లతో. మొదటి గడి తప్పడం ఎవరి చేతుల్లోనూ లేదు. తర్వాతి ఆరూ మాత్రం నేను పెట్టిన నియమం వల్ల తప్పాయి. 'ముప్పైకి ముప్పై' అన్నాక, ఒకటి పోతే ఇరవై తొమ్మిదికి విలువ లేదని నేనే నేర్పాను. ఆ తప్పును ఎలా దిద్దుకున్నానో, దాని వెనక ఏముందో తోటి ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ చెప్పాలని ఈ వ్యాసం.

ఇంట్లో పది నిమిషాలు ఎందుకు?

హోసూరు చుట్టుపక్కల మన పిల్లలు తెలుగు మాట్లాడటానికి కొదవ లేదు. చదవడంలోనే చిక్కు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి పాఠమైంది. ఇంగ్లీషు ఎలాగూ ఉంది. దుకాణాల బోర్డులు చదివిద్దామంటే ఎక్కువగా తమిళంలో, ఇంగ్లీషులో ఉంటాయి. ఇంట్లో ఎవరో ఒకరు పుస్తకం తీస్తే తప్ప, బడి విడిచాక పిల్లల కంటికి తెలుగు అక్షరం ఆనదు.

ఇలాంటి చోట ముందుగా తుప్పు పట్టేవి ఒత్తులు. తమిళంలో రెండు హల్లులు కలిసినప్పుడు మొదటిదాని మీద చుక్క పెట్టి, రెండోదాన్ని పక్కన రాస్తారు. తెలుగులో రెండోది ఒత్తుగా మారి కిందికి దిగుతుంది. పక్కకు నడవడానికి అలవాటైన కన్ను కిందికి చూడటం మరిచిపోతుంది. 'విద్య' అన్న మాట దగ్గర పిల్ల ఆగుతుంది. 'ఉత్సవం', 'శాస్త్రం' వస్తే ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. అలాగే తమిళంలో క, గలకు ఒకే అక్షరం, ప, బలకు ఒకే అక్షరం కాబట్టి, ఇక్కడ వాటిని విడిగా గుర్తుపట్టడం కూడా సాధన మీదే వస్తుంది. వారానికోసారి గంట కూర్చోబెట్టడం కన్నా రోజూ పది నిమిషాలు మేలనడం ఇందుకే.

తప్పిన రోజు కంటే దాని మీద తీర్పు చెడ్డది

ఒక రోజు చదవకపోతే పిల్ల నష్టపోయేది పది నిమిషాల సాధన. మర్నాడు చదివితే ఆ నష్టం కనపడను కూడా కనపడదు. అసలు దెబ్బ ఇంకోచోట తగులుతుంది. 'పోయింది' అనే తీర్పులో.

ఈ తీర్పు మనిషిని ఏం చేస్తుందో హెర్మన్, మాక్ అనే మనస్తత్వ పరిశోధకులు 1975లో ఒక ప్రయోగంలో చూశారు. రుచి చూసి చెప్పమనే నెపంతో కొందరు కాలేజీ అమ్మాయిలకు ముందు మిల్క్‌షేక్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. తర్వాత అందరి ముందూ ఐస్‌క్రీం పెట్టి ఎంత కావాలంటే అంత తినమన్నారు. మామూలుగా తినే అమ్మాయిలు మిల్క్‌షేక్ తాగితే ఐస్‌క్రీం తగ్గించారు. తిండి కట్టుబాటు గట్టిగా పాటించేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీం ఇంకా ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ చెడింది, ఇక చెడితే ఎంత అన్నట్టు. హెర్మన్, ఆయనతో పనిచేసిన జానెట్ పోలివీ ఈ గుణం మీద తర్వాత చాలా ఏళ్లు పనిచేశారు.

మన ఇళ్లలో దీన్ని రోజూ చూస్తాం. కొత్త నోటుపుస్తకంలో మొదటి పేజీలో ఒక కొట్టివేత పడితే, పిల్లలు ఆ పేజీ చించేస్తారు. మూడు పేజీలు చించాక ఇక ఆ పుస్తకంలో ఎలా రాసినా ఒకటే. నియమం ఎంత బిగువుగా ఉంటే, అది తెగినప్పుడు చేయి అంతగా వదిలేస్తుంది. నేనిచ్చిన 30 గళ్ల కాగితం సరిగ్గా అలాంటి నియమమే.

అలవాటు ఎలా కుదురుతుంది?

ఒక రోజు తప్పితే అలవాటు నిజంగా చెడుతుందా? దీనికి కొలతతో కూడిన జవాబు లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ నుంచి వచ్చింది. ఫిలిప్పా లాలీ, ఆమె తోటివాళ్లు 96 మందిని 12 వారాల పాటు గమనించారు. ఒక్కొక్కరూ తమకిష్టమైన చిన్న పని ఒకటి ఎంచుకున్నారు. భోజనంతో పాటు ఒక పండు తినడం, రోజూ కాసేపు నడవడం వంటివి. ఆ పనిని రోజూ ఒకే సందర్భంలో, అంటే ఉదయం ఫలహారం తర్వాత అనో, రాత్రి భోజనానికి ముందు అనో చేయాలి. అది ఎంతవరకు ఆలోచించకుండా జరిగిపోతోందో వాళ్లే నమోదు చేయాలి. ఫలితాలు 2010లో అచ్చయ్యాయి.

అందులో రెండు సంగతులు మనకు పనికొస్తాయి. పని తనంతట తాను సాగే స్థాయికి చేరడానికి పట్టే కాలం మనిషి మనిషికీ మారింది. 18 రోజుల నుంచి 254 రోజుల దాకా లెక్కకు వచ్చింది, మధ్యస్థం 66 రోజులు. అంటే నేను పెట్టుకున్న 30 రోజుల గడువులో ఏ పవిత్రతా లేదు. కాగితం మీద అందంగా ఉంటుందని పెట్టిన అంకె అది. రెండో సంగతి, మధ్యలో ఒక్కసారి మానినా అలవాటు కుదిరే తీరు చెప్పుకోదగినంతగా దెబ్బతినలేదు.

దీనికి హద్దులున్నాయి. వాళ్లు పెద్దవాళ్లు, పని వాళ్లంతట వాళ్లు ఎంచుకున్నది. అందరి లెక్కలూ గీతకు చక్కగా కుదరలేదు, కుదిరింది 39 మందివే. 254 అన్నది గమనించిన కాలాన్ని దాటి వేసిన అంచనా. నాలుగో తరగతి పిల్లకు ఒత్తులు చదవడం, పండు తినడమంత సులువూ కాదు. కాబట్టి 66 అనే అంకెను గోడకు అంటించుకోవద్దు. ఒక్క రోజుకు బెదరక్కర్లేదన్న మాట మాత్రం తీసుకోవచ్చు.

రెండో రోజు ఎందుకు వేరు?

అలవాటు ఒక గుర్తును పట్టుకుని నడుస్తుంది. పాప విషయంలో ఆ గుర్తు, అన్నం తిని కంచం కడగడం. కంచం బోర్లించగానే గడప దగ్గర లైటు కింద కూర్చుని పుస్తకం తీసేది. 23 రోజులు ఈ వరుస సాగింది.

24వ రోజు డెంకణికోటలో ఆ కంచమూ లేదు, ఆ గడపా లేదు. గుర్తే లేని చోట పని జరగకపోవడం వల్ల గుర్తుకూ పనికీ ఉన్న ముడి వీడిపోదు. 25వ రోజు అలా కాదు. అన్నం తినింది, కంచం కడిగింది, లైటు వెలుగుతోంది. అప్పుడే కాగితం మీద ఖాళీ గడి చూసి, ఎలాగూ పోయిందని టీవీ ముందు కూర్చుంది. గుర్తు అక్కడే ఉంది, దాని వెనక కొత్త పని చేరింది. 26వ రోజు టీవీకి ఇంకెవరూ పిలవనక్కర్లేదు. నాలుగైదు రోజుల్లో కంచం కడగడం పుస్తకాన్ని కాక సీరియల్‌ను గుర్తు చేయడం మొదలుపెట్టింది.

ఇంకో మార్పు ఇంట్లోవాళ్లలో వస్తుంది. ఒక రోజు తప్పితే 'నిన్న ఊరెళ్లాం' అంటారు. రెండో రోజూ తప్పితే 'మా పాపకు కుదరదు' అంటారు. మొదటి మాట ఆ రోజు గురించి, రెండోది పిల్ల గురించి. పిల్ల రెండూ వింటుంది.

అందుకే ఇప్పుడు మా కాగితం మీద బహుమతి మాటకు బదులు ఒకటే నియమం ఉంది: వరుసగా రెండు రోజులు తప్పనివ్వకు.

మర్నాడు ఏం చేయాలి?

తిరిగి మొదలుపెట్టే రోజు వీలైనంత చౌకగా ఉండాలి. మా దగ్గర దాన్ని చిన్న పాఠం అంటాం. నాలుగు వరుసలు, రెండు నిమిషాలు. షరతులు మూడే. మామూలు చోటనే కూర్చోవాలి, పుస్తకం చేతిలో ఉండాలి, బిగ్గరగా చదవాలి. ఆ రోజు ఎంత చదివారన్నది ముఖ్యం కాదు, కంచం తర్వాత పుస్తకం అన్న వరుస మళ్లీ కుదరడం ముఖ్యం. చదువుతూ చదువుతూ పిల్లే పది నిమిషాలకు పోతే సంతోషం. అడగవద్దు.

నిన్నటి బాకీ కలపవద్దు. 'నిన్న పది, ఈ రోజు పది, మొత్తం ఇరవై' అనే తల్లులు మా దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ తిరిగి రావడానికి రెట్టింపు ధర పెడితే, పిల్ల ఇంకో రోజు వాయిదా వేస్తుంది. అప్పుడు బాకీ ముప్పై అవుతుంది. వడ్డీ పెరిగే అప్పును ఎవరూ ముందుకొచ్చి తీర్చరు. తప్పిన రోజు తప్పినట్టే, దాన్ని మాఫీ చేయండి.

ఆ సాయంత్రం 'నిన్న ఎందుకు చదవలేదు' అని అడగవద్దు. దానికి పిల్ల దగ్గర ఉండే జవాబు సంజాయిషీ ఒక్కటే. 'ఈ రోజు ఎక్కడ నుంచి చదువుతావు?' అని అడిగితే పేజీ వెతుకుతుంది. తప్పిన కారణం తెలుసుకోవాల్సిందే, కానీ ఆదివారం తీరిగ్గా, పిల్లను నిలబెట్టకుండా. ఊరికి వెళ్లడమే కారణమైతే సంచిలో ఒక పేజీ మడిచి పెట్టుకోవచ్చు. గులాబీ తోటల్లో పనిచేసే తల్లులకు పెళ్లిళ్ల కాలంలో ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. ఆ వారాల్లో వినే పని అవ్వకో తాతకో అప్పగించవచ్చు. వినేవాళ్లకు చదువు రానక్కర్లేదు. కథ నడుస్తోందో లేదో చెవికి తెలిసిపోతుంది.

కాగితం మీద గుర్తులూ మార్చాం. పూర్తిగా చదివిన రోజు టిక్కు. చిన్న పాఠం రోజు చుక్క. చదవని రోజు ఖాళీ. ఖాళీ పక్కన ఏదో ఒక గుర్తు పడితే, ఆ గడి చుట్టూ పిల్లే ఒక సున్నా చుడుతుంది. అది 'తిరిగి వచ్చాను' అన్న గుర్తు. నెలాఖరున నేను మూడు అంకెలు లెక్కపెడతాను: చదివిన రోజులు, తప్పిన రోజులు, తిరిగి వచ్చిన సార్లు. వరుసగా ఎన్ని రోజులు చదివిందన్నది లెక్కపెట్టడం మానేశాను.

ఈ నియమం ఎక్కడ చెడుతుంది?

తెలివైన పిల్లలకు మొదటి వారంలోనే ఒక సందు దొరుకుతుంది. ఒక రోజు చదివి, ఒక రోజు మాని, మళ్లీ చదివితే నియమం ఎక్కడా తప్పదు, నెలకు పదిహేను రోజులే చదువుతారు. అందుకని తప్పిన రోజులనూ లెక్కపెట్టాలి. నెలకు ఆరు దాటితే పిల్ల బద్ధకం కంటే ముందు వేళను అనుమానించండి. ఆ ఇంట్లో ఆ వేళ కుదరడం లేదని అర్థం. సాయంత్రం కుదరకపోతే పొద్దున బడికి బయలుదేరే ముందుకు మార్చండి.

చుక్కలు టిక్కులకంటే ఎక్కువైతే అదీ గమనించాలి. చిన్న పాఠం తిరిగి రావడానికి వంతెన, అక్కడే కాపురం పెట్టకూడదు. వరుసగా నాలుగు చుక్కలు కనిపిస్తే చాలాసార్లు పుస్తకం కష్టమైనదై ఉంటుంది. ఒక వరుసలో మూడు నాలుగు చోట్ల ఆగుతుంటే, ఒక తరగతి కింది పుస్తకం ఇచ్చి చూడండి.

జ్వరానికి ఈ నియమం వర్తించదు. ఒళ్లు కాలుతున్న పిల్ల చేత నియమం కోసం నాలుగు వరుసలు చదివించకండి. అన్నం మళ్లీ మామూలుగా తిన్న రోజు మొదటి రోజుగా లెక్క.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఈ నియమమే ఇంకో 'ముప్పైకి ముప్పై'గా మారడం. రెండో రోజూ తప్పిందనుకోండి. అప్పుడు మళ్లీ 'పోయింది' అంటే పాత చోటుకే వచ్చినట్టు. రెండో రోజు తప్పితే మూడో రోజుకు వర్తించేది కూడా అదే: నాలుగు వరుసలు, అదే గడప.

ముందే కొన్ని సెలవులు ఇచ్చేయడం కూడా పనిచేస్తుంది. మరిస్సా షరీఫ్, సుజాన్ షూ 2017లో ప్రచురించిన పరిశోధనలో, కఠినమైన లక్ష్యం పెట్టి దాంతో పాటు అత్యవసరానికి కొన్ని మినహాయింపులు చేతికిచ్చినప్పుడు, మనుషులు ఆ లక్ష్యాన్ని మెరుగ్గా నిలబెట్టుకున్నారు. మినహాయింపు ఉంది కదా అని వెంటనే వాడేయలేదు, ముందు ముందు అవసరమవుతుందని దాచుకున్నారు. మా తరగతిలో నెలకు రెండు సెలవు చీటీలు ఇస్తున్నాం. చీటీ వాడిన గడి ఖాళీ కాదు, అందులో 'సె' అని రాస్తారు. చాలామంది నెలాఖరు దాకా చీటీని పెన్సిల్ డబ్బాలోనే దాచుకుంటారు.

ఆ పాప కాగితం

తొమ్మిది రోజుల విరామం తర్వాత పాపకు కొత్త కాగితం ఇచ్చాను. ఈసారి 60 గళ్లు. వాళ్లమ్మను బడికి పిలిచి కొత్త గుర్తులు చూపించాను. ఆమె ముందు నమ్మలేదు. "ఖాళీ గడులున్నా ఫర్వాలేదా మిస్సూ?" అని రెండుసార్లు అడిగింది.

60 రోజుల్లో పాప 51 రోజులు చదివింది. వాటిలో 9 చుక్కలు. తప్పిన 9 రోజుల్లో మూడు జ్వరానివి, ఆరు విడివిడిగా వచ్చినవి. ఆ ఆరింటి పక్కనా సున్నాలున్నాయి. ఎడతెగకుండా సాగిన అతి పొడవైన వరుస 13 రోజులు. పాత లెక్కలో చూస్తే 23 నుంచి 13కు పడిపోయినట్టే. పుస్తకం చేతిలో ఉన్న రోజులు చూస్తే 23 నుంచి 51కి పెరిగాయి.

నెలకోసారి పిల్లలకు ఎప్పుడూ చూడని పేరా ఇచ్చి ఒక నిమిషం చదివించి, ఆగిన చోటల్లా పెన్సిల్‌తో చుక్క పెడతాను. పాప మొదటిసారి 'విద్యార్థి' దగ్గర ఆగి, 'విద' అని, మళ్లీ వెనక్కి వెళ్లి కూడబలుక్కుంది. రెండో నెలాఖరున వచ్చిన పేరాలో 'ఉత్సాహం' ఉంది. అక్కడ చుక్క పెట్టడానికి నేను పెన్సిల్ సిద్ధంగా పట్టుకున్నాను. పాప ఆగలేదు.

ఆ కాగితం ఇప్పుడు వాళ్లింటి గోడ మీద ఉంది. ఖాళీ గళ్లు అలాగే ఉన్నాయి, ఎవరూ పూరించలేదు. వాళ్లింటికి వచ్చిన చిన్నాన్న కూతురు, డెంకణికోట పిల్ల, ఈ సున్నాలేమిటని అడిగిందట. "చదవని రోజు తర్వాత చదివినందుకు" అని పాప చెప్పిందట. ఆ పిల్లకూ ఒక కాగితం కావాలని మొన్న వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లింది.